రిలీజ్‌కి ముందు టెస్ట్ అప్పు తీర్చడానికి టైమ్ అడగాలి, గురువారం మీటింగ్‌లో నా ప్రసంగం: చదివి చెప్పండి

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మెడికల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఆరేళ్లుగా టెస్టర్‌ని. మార్చి 20న మా తర్వాతి రిలీజ్. ఏప్రిల్ 1 నుంచి షాపులన్నీ కొత్త బిల్లు నంబర్ల సిరీస్ మొదలుపెడతాయి కాబట్టి ఆ తేదీ వెనక్కి జరగదు. గురువారం మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో నాకు ఏడు నిమిషాలు ఇచ్చారు. పేరుకుపోయిన టెస్టులు బాగుచెయ్యడానికి టైమ్ కావాలని ఒప్పించాలి.

పరిస్థితి చెప్తాను. రాత్రి పూట నడిచే టెస్టులు మొత్తం 640. వాటిలో 61 ఆపేసి ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 22న మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది కదా, ఆ వారం ఆపేసినవే 47. మా టెస్టుల్లో 12 అనే అంకె నేరుగా రాసేసి ఉండటంతో రేటు మార్చిన రోజు అన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి, అప్పుడు సరిచేసే తీరిక లేక క్లాసు మీదే ఇది పెట్టేశారు:

```java
@Disabled("GST మారింది, తర్వాత చూడాలి")
class BillTaxTest {
```

ఆ "తర్వాత" ఇంకా రాలేదు. మిగతావాటిలో 22 టెస్టులు ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్. రోజూ పొద్దున్నే నేనూ, మా టీమ్‌లో ఇంకో అమ్మాయీ చెరో గంటన్నర ఏ ఎరుపు నిజమో ఏది ఉత్తదో తేల్చడానికే కూర్చుంటాం.

నా మొదటి డ్రాఫ్ట్ ఇలా మొదలవుతుంది: "మన టెస్ట్ సూట్ ఆరోగ్యం దెబ్బతింది. 61 టెస్టులు ఆగిపోయాయి, 22 నమ్మదగ్గవి కావు. మూడు వారాలు ఇస్తే మొత్తం సూట్‌ని శుభ్రం చేస్తాం. లేకపోతే క్వాలిటీ దెబ్బతింటుంది." దీని తర్వాత కవరేజ్ గ్రాఫులు పెట్టాను. ఇది సరిపోతుందా?

---

పాత_కాపు · ఫిబ్రవరి 9, రాత్రి 11:25

సరిపోదమ్మా. "క్వాలిటీ దెబ్బతింటుంది" అనే మాట వాళ్లు ప్రతి రిలీజ్‌కీ వింటారు, ప్రతిసారీ రిలీజ్ ఎలాగోలా బయటికి వెళ్తూనే ఉంటుంది. అందుకని ఆ మాటకి బరువు లేకుండా పోయింది. 61 అనే అంకె నీకు భయం, వాళ్లకి ఉత్త అంకె. ఆ 61లో ఏ ఒక్క టెస్టు ఆగిపోవడం వల్ల ఏ షాపులో ఏం జరిగిందో నీ దగ్గర ఉందా? ఉంటే దానితో మొదలుపెట్టు.

మూడు వారాలు "మొత్తం సూట్" అని అడగకు.

---

శ్రీ_మెడికల్స్_తణుకు · ఫిబ్రవరి 10, ఉదయం 6:50

నాకు ఈ టెస్టింగ్ సంగతి తెలియదండి, మెడికల్ షాపు బిల్లింగ్ అని కనబడితే వచ్చాను. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా సమస్య ఉంది, ఎవరైనా చెప్తారేమోనని. పోయిన అక్టోబర్‌లో ఒక పెద్దాయన బీపీ మాత్రల స్ట్రిప్ వాపస్ తెచ్చారు. సెప్టెంబర్ 15న మా దగ్గరే కొన్నారు, బిల్లు కూడా జేబులో ఉంది, 112 రూపాయలు. నేను రిటర్న్ కొడితే కంప్యూటర్ 105 చూపించింది. ఆయన బిల్లు తీసి కౌంటర్ మీద పెట్టి "ఏడు రూపాయలు ఎక్కడికి పోయాయయ్యా" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. నా జేబులోంచి ఏడు రూపాయలు ఇచ్చి పంపాను. ఆ రోజు అలాంటివి ఐదారు వచ్చాయి. తర్వాత మా ఆడిటర్ గారు పాత బిల్లు వాపస్ వస్తే పాత రేటుకే క్రెడిట్ నోట్ ఇవ్వాలి, ఇవన్నీ మళ్లీ సరిచెయ్యాలి అన్నారు. ఇప్పుడది బాగుచేశారు గానీ, మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి?

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 10, ఉదయం 9:15

అన్నగారూ, మీరు వాడేది మా సాఫ్ట్‌వేరో కాదో నాకు తెలియదు గానీ, అక్టోబర్‌లో మాకూ సరిగ్గా ఇదే వచ్చింది. నాలుగు రోజుల్లో 38 ఫోన్లు. రిటర్న్ కొట్టినప్పుడు మా కోడ్ పాత బిల్లులో ఉన్న రేటు తీసుకోకుండా, మందు వివరాల్లో ఇవాళ ఉన్న రేటు తీసుకుంటోంది. 100 మీద 12కి బదులు 5 వేసి 105 ఇచ్చేది.

మీ పోస్ట్ చూశాక ఆఫీసుకి వెళ్తూనే ఆ 47 టెస్టులూ ఒక్కొక్కటీ తెరిచి చూశాను. రిటర్న్ మీద ఒక టెస్టు ఉంది. నాలుగేళ్ల కింద మా పాత సీనియర్ ఒకాయన రాసిపెట్టి వెళ్లిపోయారు: ఒక రేటుకి అమ్మి, రేటు మారాక వాపస్ తీసుకుంటే అమ్మిన రేటుకే డబ్బు తిరిగి రావాలి, అని. అది కూడా ఆ క్లాసులోనే ఉండి, మిగతా 46తో పాటు ఆగిపోయింది.

సెప్టెంబర్ 20 నాటి రిపోర్ట్ వెతికి తీశాను. 47 టెస్టులకీ ఒకటే సందేశం:

```
expected: <112.0> but was: <105.0>
```

46 టెస్టుల్లో 105 వచ్చిందే కరెక్టు, ఎందుకంటే అవి కొత్త అమ్మకాలు, టెస్టులో అంకె పాతది. ఒక్కదానిలో మాత్రం 112 కరెక్టు, కోడ్ తప్పు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. మేం అన్నిటినీ కలిపి ఆపేశాం. షాపుల నుంచి ఫోన్లు రావడానికి రెండు వారాల ముందే ఒక టెస్టు చెప్పింది, మేం వినలేదు. ఇది చూశాక కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు.

---

పాత_కాపు · ఫిబ్రవరి 10, ఉదయం 9:50

ఇదే నీ ప్రసంగం. గ్రాఫులన్నీ తీసెయ్.

---

కోడ్_కృష్ణ · ఫిబ్రవరి 10, ఉదయం 11:05

డెవలపర్‌ని. నాదొక సలహా. మేనేజ్‌మెంట్‌కి భయం పుట్టాలంటే పెద్ద ఉదాహరణ చెప్పాలి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీ 45 నిమిషాల్లో 440 మిలియన్ డాలర్లు పోగొట్టుకుంది. టెస్టులు సరిగ్గా లేకపోవడమే కారణం. ఇది మొదటి స్లయిడ్‌లో పెట్టండి. ఇంకోటి, కవరేజ్ 80 శాతానికి తెస్తాం అని మాట ఇవ్వండి, వాళ్లకి ఒక అంకె కావాలి.

---

పాత_కాపు · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:30

కృష్ణా, తేదీ, నిమిషాలు, డబ్బు, మూడూ నువ్వు చెప్పినవే. కారణం మాత్రం వేరు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్లింది. ఎనిమిదో దానిలో ఏళ్ల కిందట వాడటం మానేసిన పాత కోడ్ ఇంకా ఉంది, దాన్ని ఆన్ చేసే ఫ్లాగ్‌నే కొత్త పనికి మళ్లీ వాడారు, దాంతో పాతది లేచింది. అది ముఖ్యంగా డిప్లాయ్‌మెంట్ తప్పు, తీసెయ్యని పాత కోడ్ తప్పు. ఆ గదిలో ఎవరికైనా ఈ సంగతి తెలిసుంటే హిమజ మీద నమ్మకం అక్కడే పోతుంది. పైగా 38 ఫోన్లు వాళ్ల సొంత కస్టమర్లవి, వాటి ముందు అమెరికా కంపెనీ కథ ఎందుకు?

కవరేజ్ సంగతి కూడా అంతే. నడిపిన లైన్లు ఎన్నో అది చెప్తుంది, జవాబు సరిచూశామో లేదో చెప్పదు. assert ఒక్కటీ లేకుండా 80 శాతం తెచ్చిన టీములు చూశాను. ఆ రిటర్న్ లైన్లు వేరే టెస్టుల్లో నడుస్తూనే ఉండి ఉంటాయి.

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:10

ఇప్పుడే చూశాను, నిజమే. ఆ క్లాసు ఆగిపోయినా refund ఫంక్షన్ కవరేజ్ పచ్చగానే ఉంది. స్క్రీన్ టెస్ట్ ఒకటి దాని మీదుగా వెళ్తుంది, బిల్లు ప్రింట్ అయిందా లేదా అని మాత్రమే చూస్తుంది, అందులో ఎంత వచ్చిందని చూడదు.

---

కొత్త_ఉద్యోగి_22 · ఫిబ్రవరి 10, సాయంత్రం 5:40

అక్కా, నాకొక డౌట్. ఆ 22 టెస్టులు ఒకసారి పాస్ ఒకసారి ఫెయిల్ అంటున్నారు కదా. మా ప్రాజెక్టులో ఫెయిలైతే ఇంకో రెండుసార్లు నడుపుతాం, ఏదో ఒకసారి పాసైతే పచ్చే. ఈ లైన్‌తో పొద్దున్నే గొడవ ఉండదు:

```
mvn test -Dsurefire.rerunFailingTestsCount=2
```

మీకెందుకు అంత టైమ్?

---

పాత_కాపు · ఫిబ్రవరి 10, రాత్రి 8:15

తమ్ముడూ, మంచి ప్రశ్న. నెట్‌వర్క్ ఒక్క క్షణం తెగితే ఫెయిలైన టెస్టుకి అది బాగానే పనిచేస్తుంది. కానీ తప్పు నిజంగా కోడ్‌లోనే ఉండి, మూడుసార్లకి ఒకసారే బయటపడే రకం అనుకో. టెస్టు ఎర్రగా కనబడాలంటే వరసగా మూడుసార్లూ ఫెయిలవ్వాలి. మూడింట ఒకటి, దానిలో మూడింట ఒకటి, మళ్లీ మూడింట ఒకటి, అంటే 27లో ఒకసారి. మిగతా 26 రాత్రులు మీకు పచ్చగానే కనబడుతుంది, షాపులో మాత్రం మూడో మనిషికి తప్పు బిల్లు వెళ్తుంది. రెండు పనులు ఒకేసారి జరిగినప్పుడు వచ్చే తప్పులన్నీ ఇదే జాతి.

సరిగ్గా చూస్తే ఆ లైన్ పెట్టినప్పుడు రిపోర్ట్ చివర `Flakes:` అని ఒక అంకె కూడా వస్తుంది. అది ఎవరూ చదవరు. హిమజా, మీ దగ్గర కూడా మళ్లీ నడపడం ఉందా?

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 10, రాత్రి 11:50

ఉంది సార్. పెట్టి ఏడాది పైనే అయింది. అది ఉండగానే పొద్దున్న అంత ఎరుపు, మీరే ఆలోచించండి.

గత 30 రాత్రుల రిపోర్టులు తీసి Flakes కింద ఏ టెస్టుల పేర్లు వచ్చాయో లెక్కపెట్టాను. చాలావరకు స్క్రీన్ లోడ్ కాకముందే బటన్ నొక్కే రకం, తెలిసినవే. ఒక్కటి వేరు. రెండు కౌంటర్లలో ఒకేసారి బిల్లు కొడితే ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదని చూసే టెస్టు. 30 రాత్రుల్లో 11సార్లు మొదటి ప్రయత్నం ఫెయిలై, తర్వాత పాసైంది. బిల్లు నంబర్ ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదని జీఎస్టీ రూల్. మేం ఏప్రిల్ 1కి ముందు ఇచ్చే రిలీజ్‌లో మారుస్తున్నది సరిగ్గా ఆ నంబర్ల కోడే.

ఇది కోడ్ తప్పో టెస్టు తప్పో నాకు ఇంకా తెలియదు.

---

డెలివరీ_మేనేజర్_వైజాగ్ · ఫిబ్రవరి 11, ఉదయం 8:20

నేను మీరు ఒప్పించబోయే కుర్చీలో కూర్చునే మనిషిని. రెండు మాటలు సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

మొదటిది, మీరు టైమ్ అడుగుతున్నారంటే ఇంకో పనిలోంచి తీసి ఇమ్మని అర్థం. ఏ పనిలోంచి అన్నది మీరే చెప్పాలి. చెప్పకపోతే నాకు కనబడేది "రిలీజ్ ఆలస్యం" ఒక్కటే, దానికి నా జవాబు ముందే తయారుగా ఉంటుంది. రెండోది, "రోజుకి మూడు గంటలు మిగులుతాయి" అని మొత్తం లెక్క చూపించకండి. నేను రెండు నెలల తర్వాత అడుగుతాను, ఆ గంటలు ఏవి అని. ఎన్ని బాగుచేసినా కొంత పొద్దుటి పని ఉంటుందని నాకూ తెలుసు. తగ్గించి చెప్తే నమ్ముతాను.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి భయపడకండి. "ఇది తప్పో కాదో తెలియడానికి రెండు రోజులు కావాలి" అనే మాటకి నేను ఎప్పుడూ కాదనలేదు. "మొత్తం శుభ్రం చేస్తాం" అన్నదానికి చాలాసార్లు కాదన్నాను.

---

డల్లాస్_రవి · ఫిబ్రవరి 11, ఉదయం 9:05

మా అనుభవం చెప్తాను. ఇక్కడ మా టీమ్‌కి మూడేళ్ల కింద అడిగినట్టే ఒక నెల ఇచ్చారు. మేం చేసిన తప్పేంటంటే ఆ నెలంతా సెలీనియం నుంచి ప్లేరైట్‌కి మార్చడంలో పెట్టాం. పాత టెస్టులు సగం అటు, సగం ఇటు. నెల అయిపోయేసరికి రెండు సూట్లు ఉన్నాయి, రెండూ ఎర్రగానే ఉన్నాయి. ఆపేసిన టెస్టు ఒక్కటి కూడా ఆన్ కాలేదు. ఆ తర్వాత రెండేళ్లు మేం ఎప్పుడు టైమ్ అడిగినా "పోయినసారి ఇచ్చాం కదా" అనేవారు, దానికి మా దగ్గర సమాధానం లేదు. హిమజ గారూ, మీకిచ్చే రోజుల్లో కొత్త టూల్ మాట ఎవరైనా ఎత్తినా దయచేసి పక్కన పెట్టండి. ఏ రోజు ఏ టెస్టు ఆన్ అవుతుందో పేరు పెట్టి రాసుకోండి.

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 11, రాత్రి 11:30

అందరూ చెప్పినవి పెట్టుకుని మొత్తం తిరగరాశాను. రేపు పొద్దున్న 11కి చదవబోయేది ఇది.

"సార్, మేడమ్, నమస్కారం. పోయిన అక్టోబర్‌లో మన షాపుల నుంచి నాలుగు రోజుల్లో 38 ఫోన్లు వచ్చాయి. 112 రూపాయలకి అమ్మిన స్ట్రిప్ వాపస్ తెస్తే మన సాఫ్ట్‌వేర్ 105 ఇచ్చింది. ఏడు రూపాయలే. కానీ ఇదే తప్పు వచ్చిన ఒక తణుకు షాపులో కౌంటర్ దగ్గర ముసలాయన బిల్లు చూపించి అడుగుతుంటే షాపాయన జవాబు చెప్పలేక తన జేబులోంచి ఇచ్చాడు. ఆ తర్వాత తప్పు క్రెడిట్ నోట్లన్నీ ఆడిటర్‌తో కూర్చుని సరిచేసుకున్నాడు. మన వైపు ఇద్దరు డెవలపర్లు మూడు రోజులు, నేను మూడు రాత్రులు, సపోర్ట్ టీమ్ మొత్తం ఆ వారమంతా దాని మీదే ఉన్నాం.

ఈ వారం నాకొక సంగతి తెలిసింది, అది మీకు చెప్పాలనే ఈ ఏడు నిమిషాలు అడిగాను. ఆ తప్పుని మన టెస్టు సెప్టెంబర్ 20నే పట్టుకుంది. స్క్రీన్ మీద ఉన్న రెండు లైన్లు చూడండి. రెండూ ఒకటే, 112 రావాలి, 105 వచ్చింది. పైది పన్ను తగ్గినందువల్ల మారాల్సిన పాత అంకె. కిందది పాత బిల్లు మీద రిటర్న్, అది నిజమైన తప్పు. ఆ రోజు ఇలాంటివి 47 వచ్చాయి, 46 మొదటి రకం, ఒకటి రెండో రకం. విడదీసి చూడటానికి ఆ రోజు మనకి టైమ్ లేదు. రేటు మార్చి షాపులకి ఇవ్వడానికి రెండు రోజులే ఉంది. 47నీ ఆపేశాం. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, అప్పుడు అది తప్పని నాకు అనిపించలేదు. తప్పు జరిగింది తర్వాత. ఐదు నెలలైంది, అవి ఇవాళ్టికీ ఆగే ఉన్నాయి. రిటర్న్ తప్పు కోడ్‌లో సరిచేశాం గానీ, దాన్ని కాపలా కాసే టెస్టుని మళ్లీ ఆన్ చెయ్యలేదు. మార్చిలో ఎవరైనా ఆ ఫంక్షన్‌లో ఒక లైన్ మారిస్తే అదే ఏడు రూపాయల తప్పు మళ్లీ వెళ్లొచ్చు, మనకి తెలిసే దారి లేదు.

రెండో సంగతి, మార్చి 20 రిలీజ్ గురించి. ఏప్రిల్ 1 నుంచి కొత్త బిల్లు నంబర్లు. రెండు కౌంటర్లు ఒకేసారి బిల్లు కొడితే ఒకే నంబర్ రెండుసార్లు రాకుండా చూసే టెస్టు మన దగ్గర ఉంది. అది గత 30 రాత్రుల్లో 11సార్లు మొదటి ప్రయత్నంలో ఫెయిలైంది. ఫెయిలైనవి మళ్లీ మళ్లీ నడిపే ఏర్పాటు పెట్టుకున్నాం కాబట్టి మీకు వచ్చే రిపోర్ట్‌లో పచ్చగా కనబడింది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పో, టెస్టులో లోపమో నాకు తెలియదు. తెలుసని చెప్తే అబద్ధం అవుతుంది. తెలుసుకోవడానికి రెండు రోజులు కావాలి. సాఫ్ట్‌వేర్ తప్పే అయితే దాన్ని ఫిబ్రవరిలో తెలుసుకోవడానికీ, ఏప్రిల్ మొదటి వారంలో షాపుల నుంచి తెలుసుకోవడానికీ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే నంబర్‌తో రెండు బిల్లులు వెళ్లాక వాటిని వెనక్కి తీసుకోవడం ఏడు రూపాయలు తిరిగి ఇచ్చినంత తేలిక కాదు.

నేను అడిగేది ఎనిమిది పని దినాలు, ఈ 16 నుంచి 25 వరకు. ఇద్దరు టెస్టర్లం, ఒక డెవలపర్ మూడు రోజులు. ఆగిపోయిన 61లో తొమ్మిది ఇప్పుడు లేని ఫీచర్లవి, వాటిని తీసేస్తాం. మిగతా 52లో 47 పన్ను, రిటర్న్ టెస్టులు. వాటిలో రేటుని అంకెగా కాకుండా బిల్లు తేదీని బట్టి తీసుకునేలా మారుస్తాం, అప్పుడు మళ్లీ రేటు మారినా 47 ఒకేసారి ఎర్రబడవు, ఎర్రబడ్డది నిజంగా చూడాల్సిందే అవుతుంది. బిల్లు నంబర్ టెస్టుకి మళ్లీ నడపడం ఆపేసి, కారణం తేలుస్తాం. మిగిలిన ఐదింటినీ, స్క్రీన్ టెస్టుల్నీ ఈ రిలీజ్‌కి ముట్టుకోం. కొత్త టూల్ ఏదీ తేం.

దీనికోసం ఏం వదులుకోవాలంటే, షాపు ఓనర్ మొబైల్‌లో బ్రాంచీల అమ్మకాలు చూసుకునే స్క్రీన్ టెస్టింగ్ మార్చి 20కి పూర్తి కాదు, రెండు వారాలు వెనక్కి వెళ్తుంది. బిల్లింగ్, రిటర్న్, నంబర్లు మాత్రం వెళ్తాయి. ఏప్రిల్ 1కి షాపుకి కావాల్సింది అవే. ఇవాళ రోజుకి మూడు గంటలు మేమిద్దరం ఎర్ర టెస్టులు విడదీయడానికి పెడుతున్నాం, ఈ పని అయ్యాక అందులో గంట తగ్గుతుందని మాట ఇవ్వగలను, మూడూ తగ్గుతాయని చెప్పను. ప్రతి సాయంత్రం ఆ రోజు ఏ టెస్టు ఆన్ అయిందో పేరుతో మీకు మెయిల్ వస్తుంది. నాలుగో రోజు సాయంత్రానికి రిటర్న్ టెస్టులు ఆన్ కాకపోతే మిగతా రోజులు ఆపేసి మమ్మల్ని పాత పనికి పంపించెయ్యండి."

---

డెలివరీ_మేనేజర్_వైజాగ్ · ఫిబ్రవరి 12, ఉదయం 7:10

చివరి వాక్యం చాలా ధైర్యం. నేనైతే దాని మీదే ఒప్పుకుంటాను. ఎనిమిది ఇస్తారనుకోకండి, ఐదుకి తగ్గితే ఏది వదులుతారో ముందే అనుకుని వెళ్లండి.

---

కోడ్_కృష్ణ · ఫిబ్రవరి 12, ఉదయం 9:30

"ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను" అన్నది ఉంచాలా? మీ మీదకే తిప్పుతారేమో.

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 12, ఉదయం 9:45

ఉంచుతాను. అది తీసేస్తే డెవలపర్లని వేలెత్తి చూపించినట్టు అవుతుంది. ఆ రోజు మేమందరం ఒకే గదిలో ఉన్నాం.

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 12, రాత్రి 9:20

అయిపోయింది. ఆ రెండు లైన్లు స్క్రీన్ మీద పెట్టగానే మా డైరెక్టర్ గారు "రెండూ ఒకటే కదా" అన్నారు, నేను "అవును సార్, మాకూ అలాగే కనబడ్డాయి" అన్నాను. తర్వాత ఆయన నంబర్ టెస్టు గురించే పావుగంట అడిగారు.

ఐదు రోజులు ఇచ్చారు. ఇద్దరం టెస్టర్లం పూర్తిగా. డెవలపర్‌ని మాత్రం ఇవ్వలేదు, అవసరమైతే రోజుకి గంట అడగమన్నారు. బ్రాంచీల స్క్రీన్ వెనక్కి జరపడానికి సేల్స్ మేడమ్ ఒప్పుకోలేదు, వారం మాత్రమే జరుపుతామన్నారు. వైజాగ్ సార్ చెప్పినట్టు ముందే అనుకుని వెళ్లాను కాబట్టి అక్కడే చెప్పాను, ఐదు రోజుల్లో రిటర్న్ టెస్టులు, నంబర్ టెస్టు ఖాయం, పన్ను టెస్టుల్లో ఎన్ని వస్తే అన్ని.

---

శ్రీ_మెడికల్స్_తణుకు · ఫిబ్రవరి 13, ఉదయం 6:40

అమ్మా, మా షాపు సంగతి అంత పెద్ద మీటింగ్‌లో చెప్పారంటే సంతోషం. ఏప్రిల్ 1న పొద్దున్నే మేం రెండు కౌంటర్లూ తెరుస్తాం, నంబర్లు చూసి చెప్తాను.

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 21, రాత్రి 10:15

ఐదు రోజులూ నిన్నటితో అయిపోయాయి. రిటర్న్ టెస్టు మూడో రోజు ఆన్ అయింది. తొమ్మిదీ తీసేశాం. రిటర్న్ టెస్టుతో కలిపి ఆ 47లో 33 ఆన్ అయ్యాయి, 14 ఇంకా ఆగే ఉన్నాయి. రిటర్న్ టెస్టుకి తోడుగా కొత్తగా రాసినది ఒకటి నిజంగా ఫెయిలైంది: ఒకే రిటర్న్‌లో పాత రేటు స్ట్రిప్, కొత్త రేటు స్ట్రిప్ కలిపి కొడితే మొత్తానికి ఒకే రేటు వేస్తోంది. అక్టోబర్ హాట్‌ఫిక్స్‌లో ఒక్క స్ట్రిప్ కేసే చూశాం. రేపు కోడ్ మారుస్తున్నారు.

నంబర్ టెస్టే తేలలేదు. మళ్లీ నడపడం ఆపేశాక రాత్రి మెషిన్ మీద ఐదు రాత్రుల్లో రెండుసార్లు ఫెయిలైంది. నా ల్యాప్‌టాప్‌లో 200సార్లు నడిపినా ఒక్కసారీ రాలేదు. టెస్ట్ డేటాబేస్ వేరే టెస్టు కూడా వాడుతోంది, అందుకే, అని డెవలపర్ అంటున్నారు. ఉండొచ్చు. కానీ ఫెయిలైన రెండు రాత్రుల్లో ఒక రాత్రి ఆ వేరే టెస్టు అసలు నడవలేదు.

---

పాత_కాపు · ఫిబ్రవరి 21, రాత్రి 11:00

ఆ రెండు రాత్రుల లాగ్‌లో నంబర్ ఇచ్చే టేబుల్‌ని రెండు కౌంటర్లూ ఏ మిల్లీసెకన్‌లో చదివాయో, ఏ మిల్లీసెకన్‌లో రాశాయో పక్కపక్కన పెట్టి చూడు. రెండో కౌంటర్ చదవడం మొదటి కౌంటర్ రాయకముందే జరిగుంటే వాదన అక్కడితో తేలిపోతుంది. ల్యాప్‌టాప్ మీద రాకపోవడంలో వింత లేదు, అక్కడ డేటాబేస్ పక్కనే ఉంటుంది, చదవడానికీ రాయడానికీ మధ్య ఖాళీయే ఉండదు. మధ్యలో 50 మిల్లీసెకన్లు ఆగేలా పెట్టి నడుపు.

---

కొత్త_ఉద్యోగి_22 · ఫిబ్రవరి 22, ఉదయం 8:30

అక్కా, నేను మా రిపోర్ట్‌లో Flakes అంకె చూశాను. 41 ఉంది. మా లీడ్‌కి చూపిస్తే "పాసయ్యాయి కదా" అన్నారు. ఆ 41లో దేనితో మొదలుపెట్టాలి?

---

హిమజ_టెస్టర్ · ఫిబ్రవరి 22, ఉదయం 10:05

30 రాత్రుల రిపోర్టులు తీసి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. తర్వాత డబ్బు, నంబర్లు, స్టాక్ ముట్టుకునేవి మాత్రం పక్కకి తియ్యి. మా 22లో అలా తీస్తే నాలుగే మిగిలాయి.

పాత_కాపు సార్, 50 మిల్లీసెకన్లు పెట్టి నడుపుతున్నాను. మొదటి 20లో ఏడుసార్లు ఒకే నంబర్ రెండు బిల్లులకి వచ్చింది. ఇప్పుడే డెవలపర్‌కి ఫోన్ చేస్తున్నాను.